శనివారం సాయంత్రం తీసిన రక్తం

మా ల్యాబ్ మీద గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి ఒకాయన రాసిన రివ్యూలో పదకొండు వాక్యాలున్నాయి. వాటిలో పది నిజం. పదకొండోది మాత్రం నిజం కాదు. "వీళ్ల దగ్గర అసలు మిషనే లేదు, అంకెలు ఊహించి వేస్తారు" అన్నాడు. మిషను మాకుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మేం ముగ్గురం రెండు రోజులపాటు జవాబు రాశాం, కొట్టేశాం, మళ్లీ రాశాం. మిగతా పదింటి జోలికి ఎవరమూ పోలేదు.

గుంటూరుకు గంట దూరంలో ఉన్న చిన్న పట్నం మాది. రిపోర్టుల మీద సంతకం చేసే పాథాలజిస్టు డాక్టరుగారు, లెక్కలు చూసే మా బావ, పందొమ్మిదేళ్లుగా పరీక్షలు చేస్తున్న నేను, ఈ ల్యాబ్‌లో భాగస్తులం. రివ్యూ రాసినాయనా, వాళ్ల నాన్నగారూ ఎవరో పోల్చుకునే వీలు లేకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చాను. ఆ పాటి జాగ్రత్త మేం మొదటి జవాబులో చూపించి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

జరిగినదంతా రెండు పూటల్లో జరిగింది. శనివారం సాయంత్రం ఐదున్నరకు మా కుర్రాడు వాళ్లింటికి వెళ్లి పెద్దాయన చేతి నుంచి రక్తం తీశాడు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడమని వాళ్ల డాక్టరు రాశారు. కుర్రాడు ఇంకో రెండిళ్లు తిరిగి ల్యాబ్‌కు చేరేసరికి ఆరుంబావు దాటింది. టెక్నీషియన్ ఆరింటికే వెళ్లిపోయాడు. నిజానికి ఆ ట్యూబును అప్పుడే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి పది నిమిషాలు తిప్పితే ఎర్ర కణాలు అడుక్కు దిగి, పైన సీరం తేలుతుంది. ఆ సీరాన్ని వేరే ట్యూబులోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారి పరీక్ష చేసినా పొటాషియానికి ఢోకా లేదు. రక్తం తీసిన రెండు గంటల్లోపు ఇది అయిపోవాలన్నది ల్యాబ్‌లో పనిచేసే ఎవరికైనా మొదటి నెలలోనే నేర్పే మాట. మా కుర్రాడికి మాత్రం నేను నేర్పింది వేరు. "నువ్వు మిషన్ల జోలికి పోకు. ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్లు" అని రెండేళ్ల కిందట చెప్పాను. వాడు చెప్పినట్టే చేశాడు. ఆ రక్తం కణాలతో సహా దాదాపు పదిహేను గంటలు చలిలో ఉంది.

చలిలో పెడితే పాడవదనుకోవడం పాలకూ కూరగాయలకూ సరే. విడదీయని రక్తానికి మాత్రం అదే చేటు. ఎర్ర కణం లోపల పొటాషియం, బయట సీరంలో ఉన్నదానికి ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. అది బయటికి కారిపోకుండా కణం గోడలో ఒక పంపు ఎప్పుడూ లోపలికి తోడి పోస్తుంటుంది. చలి తగిలితే ఆ పంపు మందగిస్తుంది. పొటాషియం మెల్లమెల్లగా బయటికి ఊరుతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. రక్తం తీసేటప్పుడు సూదిలో నలిగి కణాలు పగిలితే సీరం ఎర్రబారుతుంది కాబట్టి చూడగానే అనుమానం వస్తుంది. చలిలో ఊరినప్పుడు కణం పగలదు. సీరం లేత పసుపు రంగులో నిర్మలంగా కనిపిస్తుంది, అంకె మాత్రం తప్పు వస్తుంది.

ఆదివారం పొద్దున టెక్నీషియన్ వచ్చి తిప్పాడు. సీరం శుభ్రంగా ఉంది. పొటాషియం 6.7 వచ్చింది. ఉండాల్సింది సుమారు 3.5 నుంచి 5 దాకా. నిజంగా 6.7 ఉంటే గుండె లయ తప్పవచ్చు, అది ప్రాణం మీదికి వచ్చే అంకె. అందుకే వాడు అదే సీరాన్ని మళ్లీ మిషను మీద వేశాడు. మళ్లీ 6.7. నాకు ఫోన్ చేశాడు. "రెండుసార్లు వేశావుగా, పంపెయ్" అన్నాను. తప్పు ట్యూబులో ఉంటే మిషను మీద పదిసార్లు వేసినా అదే తప్పు పదిసార్లు చూపిస్తుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆదివారం పూట ఫోనులో ఆలోచించలేదు, అంతే. డాక్టరుగారు రిపోర్టు ఫొటో చూసి సరేనన్నారు. రక్తం ఎప్పుడు తీశారని ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

అడిగినా రిపోర్టు నిజం చెప్పేది కాదు. మా కంప్యూటర్లో శాంపిల్ పేరు ఎక్కించిన సమయమే "రక్తం తీసిన సమయం" అన్న గడిలో దానంతట అదే పడుతుంది. అందుకే పెద్దాయన రిపోర్టు మీద ఆదివారం ఉదయం 8:42 అని అచ్చయింది. ఆ గడి అలా పడుతోందని మాకు చాలాకాలంగా తెలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పాలనుకుంటూనే ఉన్నాం. ఆ కొడుకు రివ్యూలో రాసిన వాక్యాల్లో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఇదే: "శనివారం సాయంత్రం మా ఇంట్లో తీసిన రక్తాన్ని ఆదివారం పొద్దున తీసినట్టు రాశారు. ఇది మోసం కాకపోతే ఏంటి?"

ఎర్ర అక్షరాల్లో ఉన్న ఆ రిపోర్టు వాట్సాప్‌లో చేరగానే ఇంట్లో వాళ్లు పెద్దాయన్ని కారెక్కించి గుంటూరు తీసుకెళ్లారు. దారి పొడుగునా అమ్మ ఏడుస్తూనే ఉందని రాశాడు. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీస్తే గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అక్కడి డ్యూటీ డాక్టరు మా అంకెను నమ్మి వెంటనే మందులు ఎక్కించకుండా, కొత్తగా రక్తం తీయించి చూశారు. 4.6. ఆ ఒక్క మనిషి నిదానం మమ్మల్ని కాపాడింది. పొటాషియం దించడానికి ఇచ్చే వాటిలో ఇన్సులిన్ ఒకటి. అవసరం లేని మనిషికి అది ఎక్కిస్తే షుగరూ పడిపోతుంది, సరిగ్గా ఉన్న పొటాషియమూ పడిపోతుంది. పెద్దాయన్ని ఒక రాత్రి ఉంచుకుని పంపారు. ఆ రాత్రి ఖర్చూ ఆ భయమూ వాళ్లవి.

సోమవారం రాత్రి మా బావ ఆ రివ్యూ చూశాడు. నాకు చదివి వినిపించాడు, డాక్టరుగారిని ఫోనులో కలిపాడు. ముగ్గురం మాట్లాడుకుంటుండగానే తను టైపు చేశాడు. చేసింది తన వేళ్లే అయినా ఆ వాక్యాల్లో నావీ ఉన్నాయి, డాక్టరుగారివీ ఉన్నాయి. ఆ జవాబు ఇది:

"మా దగ్గర లక్షల ఖరీదు చేసే మిషను ఉంది, వచ్చి కళ్లతో చూసుకోండి. మీ నాన్నగారు మూడేళ్లుగా కిడ్నీ పరీక్షలు మా దగ్గరే చేయించుకుంటున్నారు, పోయిన నెల క్రియాటినిన్ కూడా ఎక్కువే వచ్చింది. అలాంటి వాళ్లకు పొటాషియం పెరగడం మామూలే. రెండుసార్లు మిషను మీద వేసి చూశాకే రిపోర్టు ఇచ్చాం. ఈ అబద్ధాలు తీసేయకపోతే పరువునష్టం దావా వేస్తాం."

నలభై నిమిషాల తర్వాత డాక్టరుగారే భయపడి తీసేయమన్నారు. తీసేశాం. కానీ యజమాని జవాబు పెట్టగానే రివ్యూ రాసిన వాళ్లకు కబురు వెళ్లిపోతుంది. ఆయన చదివాడు. చిన్న పట్నం కాబట్టి ఇంకెవరు చదివారో చెప్పలేం. తండ్రి ఒంట్లో ఉన్న జబ్బును కొడుకు మీద కోపంతో ఊరందరి ముందు పెట్టాం. రోగి వివరాలు బయటపెట్టకూడదని డాక్టర్ల నడవడికి సంబంధించిన 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అమెరికాలోని డాలస్‌లో ఒక దంతవైద్యశాల రివ్యూకు ఇచ్చిన జవాబులో రోగి వివరాలు రాసినందుకు 2019లో 10,000 డాలర్లు కట్టింది. డాక్టరుగారికి ఆ భయం పట్టుకుంది. నన్ను పట్టుకున్నది వేరే. పోయిన నెల పెద్దాయన పొటాషియం 4.5 అని మా కంప్యూటర్లోనే ఉంది. ఆదివారం పొద్దున ఆ పాత రిపోర్టు ఒక్కసారి తెరిచి ఉంటే, నెల రోజుల్లో ఇంత తేడా ఏమిటని ఆగేవాళ్లం, ఇంకోసారి రక్తం తీయించేవాళ్లం. అప్పుడు ఎవరూ తెరవలేదు. సోమవారం రాత్రి మాత్రం ఆయన మీద ఆయుధంగా వాడుకోవడానికి తెరిచాం.

మర్నాడు బావ ఇంకో ఉపాయం చెప్పాడు. తెలిసినవాళ్ల చేత ఓ పాతిక ఐదు స్టార్లు వేయిస్తే ఇది అడుగున పడిపోతుందన్నాడు. అలా పురమాయించి రాయించే రివ్యూలు కూడదని 2022లో భారత ప్రమాణాల సంస్థ వారి ప్రమాణం ఒకటి వచ్చింది కూడా. మేం ఆగింది దాని వల్ల కాదు, ఎవరిని అడగాలన్నా సిగ్గేసి. రివ్యూ తీసేయమని గూగుల్‌కు ఫిర్యాదూ పెట్టాం. తిట్లు, బెదిరింపులు, దొంగ ఖాతాలు అయితే వాళ్లు చూస్తారు కానీ, ఎవరిది నిజమో తేల్చే పని వాళ్లు పెట్టుకోరు. రివ్యూ అలాగే ఉంది.

అప్పుడు నేను కూర్చుని శాంతంగా ఒక జవాబు రాశాను. కోపం ఉన్న మాట ఒక్కటీ లేకుండా చూసుకున్నాను. డాక్టరుగారు మెచ్చుకున్నారు. బావ కూడా పెద్దమనిషి తరహాగా ఉందన్నాడు:

"గౌరవనీయులైన కస్టమర్‌కు నమస్కారం. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా ల్యాబ్ నాణ్యతకు అత్యంత ప్రాధాన్యం ఇస్తుంది. కొన్ని అనివార్య కారణాల వల్ల ఫలితంలో స్వల్ప తేడా వచ్చి ఉండవచ్చు. దయచేసి మమ్మల్ని సంప్రదించగలరు."

ఇది తొమ్మిది రోజులు అక్కడ ఉంది. పదో రోజు పొద్దున ల్యాబ్ తలుపులు తీస్తూ మా కుర్రాడు ఫోను నా ముందు పెట్టి, "అన్నా, ఈ అనివార్య కారణం నేనేనా?" అని అడిగాడు.

వాడి వయసు ఇరవై రెండు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు, భయం ఉంది. నాకు నోట మాట రాలేదు. వాడు కౌంటరు తుడుచుకుంటూ ఉండగా ఆ జవాబును మొదటిసారి నేను రాసినవాడిలా కాకుండా, రాయించుకున్నవాడిలా చదివాను.

"అసౌకర్యం" అన్నాను. రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్లో వినిపించే మాట అది. కారులో భర్త పక్కన కూర్చుని గంటసేపు ఏడ్చిన మనిషికి అది సరిపోతుందా? "స్వల్ప తేడా" అన్నాను. 4.6కూ 6.7కూ మధ్య ఉన్నది ఆసుపత్రిలో ఒక రాత్రి. "వచ్చి ఉండవచ్చు" అన్నాను. వచ్చిందని తెలుసు. "అనివార్య కారణాలు" అన్నాను. పది నిమిషాలు తిప్పితే నివారించగలిగిన కారణం అది. అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఆ వాక్యాలకు కర్త లేకపోవడం. కలిగింది, వచ్చింది. ఎవరూ ఏమీ చేయలేదు, అన్నీ వాటంతట అవే అయ్యాయి. మన భాషలో ఈ వీలు ఎక్కువ. చెయ్యి జారి గిన్నె పడేసినవాడు కూడా "గిన్నె పడిపోయింది" అంటాడు. మొదటి జవాబులోంచి కోపాన్ని ఏరేసేటప్పుడు దానితోపాటే మమ్మల్ని మేం ఏరేసుకున్నాం. మొదటిదానిలో కనీసం మేం ఉన్నాం, తప్పుడు మనుషులుగానైనా. రెండోదానిలో ల్యాబే ఖాళీగా ఉంది.

ఆ మధ్యాహ్నం కుర్రాణ్ణీ టెక్నీషియన్‌నూ కూడా కూర్చోబెట్టి అందరం మాట్లాడుకున్నాం. ముందు తేల్చుకోవలసింది జవాబు కాదు, జరిగిందేమిటో. ఒక తెల్లకాగితం మీద గంటల వారీగా రాశాం. ఫ్రిజ్‌లో పెట్టమన్న మాట నాదని అప్పుడే అందరి ముందూ చెప్పాను. సాయంత్రం టెక్నీషియన్‌కు జీతం దండగని ఆరింటికే పంపేస్తున్నది బావ. రిపోర్టును ఫొటోలో చూసి సరేననడం డాక్టరుగారి అలవాటు. కుర్రాడి భాగం రాయబోతే వాడికి రాయడానికి ఏమీ మిగల్లేదు.

మూడో జవాబు నేను రాస్తుంటే డాక్టరుగారు అడ్డుపడ్డారు. ఆయన భయం ఉత్త భయం కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. తప్పు మాదేనని మేమే అందరి ముందూ రాస్తే, రేపు వినియోగదారుల కమిషన్‌లో అది మా మీదే సాక్ష్యం. ఏ వకీలును అడిగినా రాయొద్దనే అంటారు. ఆ రాత్రికి ఆపేశాం. పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, "కమిషన్ అడిగితే రిజిస్టరు చూపించక తప్పదు కదయ్యా. అందులో ఒకటి, గూగుల్‌లో ఒకటి ఉంటే ఇంకా సిగ్గు" అన్నారు.

జవాబు పెట్టే ముందు వాళ్లింటికి వెళ్లాం, నేనూ డాక్టరుగారూ. ఇది ముందు చేయాల్సిన పని. పన్నెండు రోజులు ఆలస్యంగా చేశాం. కొడుకు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. పెద్దాయన లోపల్నుంచి "రానీరా, కూచోబెట్టు" అన్నారు. పరీక్ష డబ్బులూ ఆసుపత్రి ఖర్చూ ఇస్తామన్నాం. "డబ్బు సరే. అందరి ముందు నాన్న కిడ్నీల గురించి రాశారు, దానికేం ఇస్తారు?" అన్నాడు కొడుకు. మా దగ్గర జవాబు లేదు. తప్పయిందన్నాం.

మూడో జవాబు రాయడంలో ఇరుకు ఎక్కడంటే, తప్పు పూర్తిగా ఒప్పుకోవాలి, అయినా ఆ ఇంటి మనిషి మా దగ్గరికి వచ్చినట్టు కూడా తెలియకూడదు. పోయిన గోప్యతను మళ్లీ పోగొట్టకూడదు. అందుకని రోగి గురించి ఒక్క మాట రాయకుండా ల్యాబ్‌లో మేం చేస్తున్న పని గురించే రాశాం. తప్పు ఒప్పుకునే ప్రతి వాక్యానికీ "మేం" అన్న కర్త ఉందో లేదో చూసుకున్నాం. మిషను ఉందన్న మాట కూడా చేర్చమని బావ చివరిదాకా అడిగాడు. వద్దన్నాను. అది చేర్చిన మరుక్షణం చదివేవాళ్ల కళ్లు దాని మీదికే పోతాయి, మా కళ్లు పోయినట్టే.

"నమస్కారం. ఎవరి వ్యక్తిగత వివరాలూ ఇక్కడ రాయం. ఇంతకుముందు ఒక జవాబులో రాశాం, అది మేం చేసిన పెద్ద తప్పు. మా ల్యాబ్‌లో సాయంత్రం ఆరు దాటాక వచ్చిన రక్తాన్ని సీరం వేరు చేయకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతూ వచ్చాం. అలా ఉంచితే పొటాషియం లేనంత ఎక్కువగా చూపిస్తుంది. రక్తం తీసిన సమయాన్ని కూడా రిపోర్టులో తప్పుగా అచ్చు వేశాం. ఇది మా కుర్రాళ్ల తప్పు కాదు, యజమానులుగా మేం పెట్టిన పద్ధతి. ఇప్పుడు రాత్రి ఎనిమిది దాకా టెక్నీషియన్ ఉంటున్నాడు. రక్తం తీసిన చోటే సమయం చేత్తో రాస్తున్నాం. మా రిపోర్టులో పొటాషియం మీద అనుమానం ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే మళ్లీ ఉచితంగా చేస్తాం."

ఆ రివ్యూకు ఇప్పటికీ ఒక్క స్టారే. ఆయన ఒక్క అక్షరం మార్చలేదు, మార్చమని మేం అడగలేదు.

ఆ జవాబులో చివరి వాక్యం రాశాక కానీ మాకు తట్టని సంగతి ఒకటుంది. ఆయన ఒక్కడే రివ్యూ రాశాడు. రెండేళ్లలో ఎన్ని సాయంత్రాలు! కుర్రాడు ఇంటింటికీ తిరిగిన పుస్తకం పక్కన పెట్టుకుని రిజిస్టరు తిరగేశాం. సాయంత్రం ఆరు తర్వాత చేరి, తెల్లారి చేసి, పొటాషియం ఎక్కువని మేం ఇచ్చిన రిపోర్టులు పద్నాలుగు తేలాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒక పెద్దావిడకు విషయమంతా చెప్పి మళ్లీ పరీక్ష చేస్తామంటే, "మీరే ఎక్కువుందన్నారుగా నాయనా, అప్పట్నుంచి కొబ్బరినీళ్లు, అరటిపండు ముట్టలేదు. బీపీ మాత్ర కూడా మార్పించారు" అంది. ఎన్నాళ్లయిందమ్మా అన్నాను. పోయిన సంక్రాంతికి ముందని చెప్పింది. మర్నాడు రక్తం తీసి గంటలో చేస్తే 4.3 వచ్చింది. ఆ కాగితం, పాత కాగితం రెండూ తీసుకుని వాళ్ల డాక్టరు దగ్గరికి నేనే వెళ్లి, ఆయన ముందు పెట్టి, ఏం చేశామో చెప్పాను.

పద్నాలుగులో ముగ్గురి ఫోన్లు ఇంకా కలవలేదు. ఒకటి ఎత్తడం లేదు, రెండు నంబర్లు పనిచేయడం లేదు. కుర్రాడి పుస్తకంలో వాళ్ల ఇళ్ల గుర్తులు ఉన్నాయి: రైలు గేటు దాటాక వేపచెట్టు పక్క సందు, రేషను షాపు వెనక రెండో ఇల్లు, పాత రైసు మిల్లు ఎదురు. రేపు పొద్దున వెళ్లి చూస్తానన్నాడు. నేనూ వస్తానని చెప్పాను.